ముక్కలు చేసినా పెద్ద ఆర్డర్ ధరను లేపేస్తోందా? టీవాప్, వీవాప్‌లలో సమస్య - పరిష్కారం

పెద్ద ఆర్డర్‌ను ఒక్కసారిగా మార్కెట్లో పడేస్తే ధర మనకు ఎదురు తిరుగుతుంది. అందుకే దాన్ని ముక్కలు చేసి కొన్ని గంటల పాటు వేస్తాం. టీవాప్ ఆ ముక్కలను గడియారం ప్రకారం సమానంగా పంచుతుంది. వీవాప్ మాత్రం రోజులో ఏ వేళ ఎంత వాల్యూమ్ జరుగుతుందో ఆ నిష్పత్తిలో పంచుతుంది. ఇంతవరకు అందరూ బాగానే రాస్తారు. డబ్బు పోయేది ఎక్కువగా ప్లాన్ వెనకబడ్డాక ఏం చేయాలో చెప్పే రెండు మూడు లైన్ల దగ్గరే. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

సమస్య 1: మొదట్లో అంతా సాఫీగానే ఉంది, మధ్యలో ఒక్క ముక్క ధరను ఎగదోసింది

60,000 షేర్లు కొనాలి, 5 గంటల సమయం ఉంది అనుకుందాం. ఐదు నిమిషాలకు ఒకటి చొప్పున 60 ముక్కలు, ఒక్కోటి 1,000 షేర్లు. స్ప్రెడ్ మిగుల్తుందని ప్రతి ముక్కనూ బెస్ట్ బిడ్ దగ్గర లిమిట్ ఆర్డర్‌గా పెట్టారు. ఆ రోజు ధర మెల్లగా పైకి పాకుతోంది. మూడు గంటలయ్యేసరికి 36,000 షేర్లు చేతికి రావాలి, వచ్చింది 22,000. అంటే 14,000 బకాయి. అప్పుడు కోడ్‌లోని ‘వెనకబడితే అందుకో’ అనే నిబంధన మేల్కొని, బకాయి 14,000, ఆ ముక్క 1,000 కలిపి 15,000 షేర్లను మార్కెట్ ఆర్డర్‌గా పంపింది.

ఆ క్షణంలో ఆర్డర్ బుక్ అమ్మకం వైపు ఇలా ఉంది: 200.60 దగ్గర 1,200, 200.65 దగ్గర 1,800, 200.70 దగ్గర 2,500, 200.80 దగ్గర 4,000, 200.90 దగ్గర 5,500. ఆర్డర్ ఈ ఐదు మెట్లనూ ఊడ్చేసింది. సగటు ధర సుమారు 200.79 పడింది, అంటే బెస్ట్ ఆస్క్ కంటే 0.19 ఎక్కువ. కాసేపటికి కొత్త అమ్మకందార్లు వచ్చి ఆస్క్ మళ్లీ 200.65కు దిగితే, ఆ తేడా చాలావరకు మన తొందరకు కట్టిన ధర అని అర్థం.

ఇదే జరిగిందో లేదో తేల్చుకోవడం సులువు. లాగ్‌లో ప్రతి ముక్కకూ ప్లాన్ చేసిన సంఖ్య, నిజంగా పంపిన సంఖ్య పక్కపక్కన పెట్టండి. చాలాసేపు ఫిల్స్ తక్కువగా ఉండి, ఒక్కచోట మాత్రం ప్లాన్‌కు పది పదిహేను రెట్లు కనిపిస్తే కారణం దొరికినట్టే.

అసలు మూలం ఇంకాస్త లోతుగా ఉంది. బిడ్ దగ్గర కాచుకుని కూర్చున్న ఆర్డర్ ధర దిగేటప్పుడు తేలిగ్గా నిండుతుంది, ధర పెరిగేటప్పుడు నిండదు. కాబట్టి బకాయి పేరుకునేది సరిగ్గా ధర మనకు వ్యతిరేకంగా నడిచే రోజుల్లోనే. దీన్ని దురదృష్టం అనుకుని వదిలేయకండి, వేచి చూసే ఆర్డర్ స్వభావమే అది.

పరిష్కారానికి రెండు మార్పులు కావాలి. మొదటిది, బకాయిని పుట్టినచోటే ఆపడం. ఐదు నిమిషాల ముక్కలో మొదటి మూడు నిమిషాలు బిడ్ దగ్గర ఆగండి, నిండకుండా మిగిలినదాన్ని ఆ తర్వాత ఆస్క్ ఇచ్చి తీసుకోండి. అప్పుడప్పుడూ స్ప్రెడ్ చెల్లించాల్సి వస్తుంది, కానీ ఐదు మెట్లు ఎక్కడం కంటే అది చాలా చవక. రెండోది, బకాయి ఉన్నా దాన్ని ఒక్క ముక్క నెత్తిన పెట్టకపోవడం. పై ఉదాహరణలో మిగిలింది 38,000 షేర్లు, 24 ముక్కలు. మళ్లీ పంచితే ముక్కకు సుమారు 1,583 వస్తుంది. 15,000తో పోలిస్తే ఇది బుక్‌ను పెద్దగా కదిలించదు.

దీనికి పైన ఒక వాల్యూమ్ హద్దు కూడా ఉండాలి:

```python
slice_qty = (total - filled - open_qty) / slices_left
cap = rate / (1 - rate) * others_volume
send = max(0, min(slice_qty, cap))
```

`open_qty` అంటే ఇంకా బుక్‌లో బతికున్న మన ఆర్డర్లు. దాన్ని తీసేయడం మరిచిపోతే ఒకే బకాయికి రెండుసార్లు ఆర్డర్ వెళ్తుంది. `others_volume` అంటే గత ఐదు నిమిషాల్లో మనది కాకుండా జరిగిన ట్రేడింగ్. అది 10,000 ఉండి, మొత్తం ట్రేడింగ్‌లో మన వాటా, అంటే `rate`, 15 శాతం మించకూడదనుకుంటే హద్దు 1,765. మన 1,583 అందులో ఇముడుతుంది. ఇమడని రోజున ఆర్డర్ పూర్తి కాదు. అప్పుడు సమయం పెంచాలా, ఖరీదైనా ముగించాలా అన్నది ఆర్డర్ ఇచ్చిన మనిషి తేల్చాలి, కోడ్ కాదు.

వాల్యూమ్ హద్దు ఒక్కటే ఉంటే చాలదని 2010 మే 6న అమెరికా మార్కెట్లలో తేలింది. 75,000 ఈ-మినీ ఫ్యూచర్స్ కాంట్రాక్టులు అమ్మే ఒక ఆర్డర్, అంతకుముందు నిమిషం వాల్యూమ్‌లో 9 శాతం చొప్పున, ధరనూ సమయాన్నీ పట్టించుకోకుండా నడిచిందని నియంత్రణ సంస్థల నివేదిక చెప్పింది. గందరగోళంలో వాల్యూమ్ ఉబ్బింది, దానితోపాటు ఆర్డర్ వేగమూ పెరిగి దాదాపు 20 నిమిషాల్లో ముగిసిపోయింది. కాబట్టి ధర ఇంత కంటే కదిలితే ఆగిపో అనే షరతు తప్పక పెట్టండి.

సమస్య 2: మన ముక్క వెళ్లే ముందే ఆస్క్ పైకి జరుగుతోంది

ప్రతి ముక్కకు ఐదు సెకన్ల ముందు, ఐదు సెకన్ల తర్వాత ఆస్క్ ఎంతుందో తీసి సగటు చూడండి. ఆర్డర్ వెళ్లకముందే ఆస్క్ పదేపదే లేస్తుంటే మన గడియారాన్ని ఎవరో చదివేశారు. ఐదో నిమిషం సున్నా సెకనుకు సరిగ్గా 1,000 షేర్లు వస్తుంటే కనిపెట్టడం కష్టమేమీ కాదు. 2012 జులై 19న కోకాకోలా, మెక్‌డొనాల్డ్స్, ఐబీఎం, యాపిల్ షేర్ల ధరలు అరగంటకోసారి రంపం పళ్లలా ఎక్కుతూ దిగుతూ కనిపించాయి. గడియారం ప్రకారం నడిచే ఆర్డర్ల పనే అయి ఉంటుందని అప్పట్లో చాలామంది అనుకున్నారు.

ముక్క సమయాన్ని ఆ ఐదు నిమిషాల లోపల ఎక్కడో ఒకచోటికి జరపండి, పరిమాణాన్నీ 20, 30 శాతం అటూ ఇటూ ఊపండి. మొత్తం లెక్క పై ఫార్ములా చూసుకుంటుంది.

సమస్య 3: వీవాప్ రోజంతా వెనకబడి, చివర్లో ఒకేసారి కొంటోంది

ఇక్కడ రోజును చిన్న సమయ గడులుగా విడదీసి, ఒక్కో గడిలో ఎంత వాల్యూమ్ జరుగుతుందో చెప్పే వాల్యూమ్ ప్రొఫైల్‌నే అనుమానించండి. గత 20 రోజుల సగటు తీసుకుంటే, అందులో ఒక్క ఎక్స్‌పైరీ రోజు చాలు చివరి అరగంటను ఉబ్బించడానికి. ముందు ప్రతి రోజునూ దాని మొత్తంతో భాగించి వాటాలుగా మార్చండి, తర్వాత ఒక్కో గడికి సగటు బదులు మీడియన్ తీసుకోండి. మీడియన్ల మొత్తం 1 రాదు, కాబట్టి మళ్లీ సరిచేయండి. ఇంకో చోటు ముగింపు వేలం. ఆ వాల్యూమ్‌ను చివరి గడిలో కలిపేసి, మన ఆర్డర్‌ను మాత్రం వేలంలోకి పంపకపోతే, పెద్ద భాగం చివరి నిమిషాల కోసం అనవసరంగా దాచుకున్నట్టవుతుంది.

సమస్య 4: వీవాప్‌తో సరిపోయింది, అయినా ఖరీదైంది

ఆర్డర్ చేతికొచ్చినప్పటి ధర 100.00. మన సగటు 100.42. మార్కెట్ వీవాప్, అంటే ఆ వ్యవధిలో మొత్తం మార్కెట్‌కు వాల్యూమ్ ప్రకారం లెక్కించిన సగటు ధర, 100.40. రిపోర్టులో తేడా 0.02 మాత్రమే కాబట్టి అందరూ సంతోషిస్తారు. కానీ ఆ వ్యవధిలో జరిగిన ట్రేడింగ్‌లో పావు వంతు మనదే అయితే, ఆ వీవాప్‌లో పావు వంతు మన ధరలే. ధరను మనమే లేపి, లేచిన ధరతో మనల్ని పోల్చుకుంటున్నాం. మన ట్రేడ్లు తీసేసి లెక్కించినా మిగతావాళ్ల సగటు 100.39 వస్తుంది, ఎందుకంటే మనం లేపిన ధరకే వాళ్లూ కొన్నారు.

అందుకే ఆర్డర్ వచ్చిన క్షణం ధరతో పోల్చిన 0.42ను కూడా రిపోర్టులో పెట్టండి. ఒక్క రోజు 0.42లో మార్కెట్ సొంత కదలిక ఎంతో, మన ఒత్తిడి ఎంతో విడదీయలేం. కొనుగోళ్లు, అమ్మకాలు రెండూ ఉన్న చాలా ఆర్డర్ల మీద సగటు తీస్తే మార్కెట్ కదలిక చాలావరకు రద్దయిపోతుంది. అప్పటికీ మన వాటా పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతూ కనిపిస్తే, `rate` తగ్గించి సమయం పెంచండి.