కొనుగోలు డిస్కౌంట్ పాఠాలు – 4: గడువు దాటాక ఆ 2,000 ఎక్కడికి పోయింది?

గత పాఠంలో ట్రేడ్ డిస్కౌంటుకీ క్యాష్ డిస్కౌంటుకీ తేడా చూశాం. ట్రేడ్ డిస్కౌంట్ ఇన్‌వాయిస్ మీదే తీసేసి వస్తుంది కాబట్టి మన పుస్తకాల దాకా రాదు. త్వరగా కడితే ఇచ్చే క్యాష్ డిస్కౌంట్ అలా కాదు. సరుకు కొన్న రోజున అది మనకు దక్కుతుందో లేదో ఇంకా తేలదు. మరి ఆ రోజు కొనుగోలును ఎంతకు రాసుకోవాలి? ఈ ఒక్క ప్రశ్నకు గ్రాస్ పద్ధతిది ఒక జవాబు, నెట్ పద్ధతిది ఇంకో జవాబు.

పాఠమంతా ఒకే ఇన్‌వాయిస్‌తో నడుపుదాం. తేదీ డిసెంబర్ 5, మొత్తం 1,00,000, షరతు 2/10, n/30. అంటే 10 రోజుల్లోపు కడితే 2 శాతం తగ్గింపు, లేకపోతే 30 రోజుల్లోపు పూర్తి మొత్తం. ఈ రోజుల లెక్క ఇన్‌వాయిస్ తేదీ మర్నాటి నుంచి మొదలవుతుంది. కాబట్టి డిస్కౌంటుకు ఆఖరి రోజు డిసెంబర్ 15, పూర్తి బాకీకి ఆఖరి రోజు జనవరి 4. కొందరు సరుకు చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెట్టి గడువు పోగొట్టుకుంటారు. షరతులో వేరేగా రాసి ఉంటే తప్ప ఇన్‌వాయిస్ తేదీనే పట్టుకోండి.

ముందు గ్రాస్ పద్ధతి. డిస్కౌంట్ దక్కినప్పుడు చూసుకుందాంలే అని, డిసెంబర్ 5న పూర్తి మొత్తం రాసేస్తాం:

కొనుగోళ్ల ఖాతా – డెబిట్ 1,00,000
సప్లయర్ ఖాతా – క్రెడిట్ 1,00,000

డిసెంబర్ 15 లోపు కడితే:

సప్లయర్ ఖాతా – డెబిట్ 1,00,000
బ్యాంకు ఖాతా – క్రెడిట్ 98,000
కొనుగోలు డిస్కౌంట్ ఖాతా – క్రెడిట్ 2,000

స్టాక్ ఖాతాను ఎప్పటికప్పుడు నడిపేవాళ్లు కొనుగోళ్ల బదులు స్టాక్‌ను డెబిట్ చేస్తారు, ఆ 2,000ను కూడా స్టాక్‌కే క్రెడిట్ చేస్తారు. మిగతాదంతా ఇంతే.

ఇప్పుడు గడువు దాటి జనవరి 4న కట్టామనుకోండి:

సప్లయర్ ఖాతా – డెబిట్ 1,00,000
బ్యాంకు ఖాతా – క్రెడిట్ 1,00,000

ఈ ఎంట్రీని ఒకసారి ఆగి చూడండి. ఇందులో తప్పేమీ లేదు. కానీ 2,000 చేజారిన సంగతి ఏ ఖాతాలోనూ లేదు. దక్కిన డిస్కౌంటుకు ఒక ఖాతా ఉంది, పోయినదానికి లేదు. నేను మొదట్లో పనిచేసిన ఒక ఆఫీసులో బిల్లులు ఆమోదం కోసం ట్రేలో పడి ఉండేవి. నా చేతికి వచ్చేసరికి గడువు రెండు రోజుల క్రితమే దాటిపోయి ఉండేది. మాది గ్రాస్ పద్ధతి. ఏడాది చివర్లో కొనుగోలు డిస్కౌంట్ ఖాతాలో కాస్త క్రెడిట్ కనిపిస్తే అందరూ సంతోషించేవాళ్లు. ఎంత పోగొట్టుకున్నామని అడగడానికి కూడా మా దగ్గర అంకె లేదు.

ఆ అంకెను చూపించేదే నెట్ పద్ధతి. ఇందులో సరుకు అసలు ధర 98,000 అనే అనుకుంటాం. మిగిలిన 2,000 సరుకు కోసం కట్టేది కాదు, గడువు కోసం కట్టేది. అందుకే డిసెంబర్ 5న ఇలా రాస్తాం:

కొనుగోళ్ల ఖాతా – డెబిట్ 98,000
సప్లయర్ ఖాతా – క్రెడిట్ 98,000

సమయానికి కడితే సప్లయర్ ఖాతా డెబిట్ 98,000, బ్యాంకు ఖాతా క్రెడిట్ 98,000. డిస్కౌంట్ ఊసే రాదు. ఆలస్యమైతే మాత్రం:

సప్లయర్ ఖాతా – డెబిట్ 98,000
కోల్పోయిన డిస్కౌంట్ ఖాతా – డెబిట్ 2,000
బ్యాంకు ఖాతా – క్రెడిట్ 1,00,000

కోల్పోయిన డిస్కౌంట్ ఖర్చు ఖాతా. లాభనష్టాల పట్టికలో దాన్ని వడ్డీ లాంటి ఖర్చుల పక్కన చూపించడం నాకు సబబుగా తోస్తుంది, ఎందుకంటే అది చేసే పని వడ్డీ పనే. లెక్క వేసి చూడండి. 15వ తేదీన కట్టకుండా 4వ తేదీన కడితే 98,000 బాకీని మరో 20 రోజులు వాడుకున్నట్టు. దానికి ఇచ్చిన ధర 2,000. ఏడాది రేటుకు మార్చితే 2 ÷ 98 × 365 ÷ 20, అంటే దాదాపు 37 శాతం. ఇంతకన్నా తక్కువ వడ్డీకి అప్పు పుడితే, తెచ్చి 15వ తేదీకే కట్టేయడం మేలు.

నెట్ పద్ధతిలో ఎక్కువమంది పొరపాటు పడేది ఏడాది చివర్లో. మన సంస్థ డిసెంబర్ 31న లెక్కలు మూస్తుందనుకుందాం. డిస్కౌంట్ గడువు 15నే అయిపోయింది, బాకీ ఇంకా కట్టలేదు. పుస్తకంలో సప్లయర్‌కు 98,000 ఇవ్వాలని ఉంది, నిజానికి ఇవ్వాల్సింది 1,00,000. సప్లయర్ పంపే స్టేట్‌మెంట్‌తో సరిపోల్చినప్పుడు ఈ 2,000 తేడా వెంటనే తగులుతుంది. కట్టేదాకా ఆగకూడదు, డిసెంబర్ 31నే సర్దుబాటు ఎంట్రీ పడాలి:

కోల్పోయిన డిస్కౌంట్ ఖాతా – డెబిట్ 2,000
సప్లయర్ ఖాతా – క్రెడిట్ 2,000

దీంతో బాకీ 1,00,000కు చేరుతుంది, ఖర్చు కూడా గడువు దాటిన ఏడాదిలోనే పడుతుంది. ఇక జనవరి 4న సప్లయర్‌కు డెబిట్ 1,00,000, బ్యాంకుకు క్రెడిట్ 1,00,000, అంతే. అలవాటుకొద్దీ మళ్లీ పాత ఎంట్రీయే రాసి కోల్పోయిన డిస్కౌంటును డెబిట్ చేస్తే ఖర్చు రెండుసార్లు పడుతుంది. అలా జరిగిందేమో తెలుసుకోవడం తేలికే. కట్టేశాక ఆ ఇన్‌వాయిస్ మీద సప్లయర్ ఖాతాలో సున్నా రావాలి. 2,000 క్రెడిట్ మిగిలిపోయిందంటే రెండుసార్లు రాసేశారన్నమాట.

పద్ధతి ఏదైనా చివరికి లాభం ఒకటేగా అని మీకు అనిపించవచ్చు. సరుకంతా అమ్ముడైపోతే ఒకటే. మిగిలితే కాదు. డిసెంబర్ 31 నాటికి ఈ సరుకులో 60 శాతం అమ్ముడై 40 శాతం మిగిలిందనుకోండి. డిస్కౌంట్ ఎలాగూ పోయింది. గ్రాస్ పద్ధతిలో అమ్మిన సరుకు ఖర్చు 60,000, మిగిలిన స్టాక్ 40,000. నెట్ పద్ధతిలో అమ్మిన సరుకు ఖర్చు 58,800, దానికి కోల్పోయిన డిస్కౌంట్ 2,000 కలిపితే మొత్తం ఖర్చు 60,800, మిగిలిన స్టాక్ 39,200. ఈ ఏడాది లాభం నెట్‌లో 800 తక్కువ. ఆ 800 ఏమిటంటే, మన ఆలస్యానికి కట్టిన జరిమానాలో 40 శాతం. గ్రాస్ పద్ధతిలో అది సరుకు విలువలో కలిసిపోయి వచ్చే ఏడాదికి వెళ్తుంది. నెట్ పద్ధతిలో ఈ ఏడాదే ఖర్చుగా తేలుతుంది. ఈ కారణంగానే నేను నెట్ వైపు మొగ్గుతాను.

అయినా చాలా ఆఫీసులు గ్రాస్ పద్ధతినే వాడతాయి, అందుకు కారణం ఉంది. నెట్‌లో ప్రతి ఇన్‌వాయిస్ గడువునూ కనిపెట్టుకుని ఉండాలి, సప్లయర్ స్టేట్‌మెంట్ ఇన్‌వాయిస్ మొత్తాలతో వస్తుంది కాబట్టి సరిపోల్చడం ఆలస్యమవుతుంది. గడువులు తరచూ దాటిపోయే చోట ప్రతి నెలా సర్దుబాట్లు పెరిగిపోతాయి. పోనీ గ్రాస్‌లోనే ఉంటామంటే, దాటిపోయిన గడువులను పక్కన ఒక రిజిస్టర్‌లో రాసుకోండి: ఇన్‌వాయిస్ నంబరు, ఆఖరి తేదీ, కట్టిన తేదీ, పోయిన మొత్తం. ఖాతా చెప్పని అంకె అక్కడైనా దొరుకుతుంది.

వచ్చే పాఠానికి ముందు ఇది రాసి చూడండి. ఇదే ఇన్‌వాయిస్ మీద డిసెంబర్ 14న 49,000, మిగిలింది జనవరి 4న కట్టాం. కట్టిన భాగానికి సప్లయర్ డిస్కౌంట్ ఒప్పుకున్నారు. 14న కట్టిన 49,000తో ఇన్‌వాయిస్‌లో తీరింది 49,000 కాదు. ఎంత తీరిందో ముందు తేల్చుకుని, రెండు పద్ధతుల్లోనూ ఎంట్రీలు వేయండి. జవాబుతోనే 5వ పాఠం మొదలుపెట్టి, వెనక్కి పంపిన సరుకు మీద డిస్కౌంట్ సంగతికి వెళ్దాం.