లేబర్ రూమ్ నోట్స్ నుంచి డెలివరీ సమ్మరీ: టైములు ఎక్కడ తప్పుతాయి, ఎలా సరిదిద్దాలి

నైట్ డ్యూటీలో కాన్పు అవుతుంది. సమ్మరీ మాత్రం చాలాసార్లు పొద్దున, ఆ కాన్పు చూడని హౌస్ సర్జనో స్టాఫ్ నర్సో రాస్తారు. వాళ్ల చేతిలో ఉండేది కేస్ షీటు, పార్టోగ్రాఫ్, నర్సింగ్ నోట్స్. మూడూ నిజమే చెప్తున్నా, కలిపి రాసిన సమ్మరీ తప్పుగా తేలొచ్చు. ఎక్కువగా తప్పేది టైముల దగ్గరే. ఉదాహరణకు ఒక కేసు అల్లుకుని, సమస్యలు ఒక్కొక్కటిగా చూద్దాం.

రెండో కాన్పు, 39 వారాలు. 12వ తేదీ సాయంత్రం 6 నుంచి నొప్పులు వస్తున్నాయని ఆమె చెప్పింది. అడ్మిషన్ 21:40. 22:00కి పీవీ చేస్తే 4 సెం.మీ. 01:30కి ఉమ్మనీరు దానంతటదే పోయింది, తేటగా ఉంది. 02:00కి 7 సెం.మీ. 03:40కి "ముక్కాలనిపిస్తోంది అంటోంది" అని నర్సు రాసింది. 04:10 పీవీలో ఫుల్ డైలటేషన్, ఉమ్మనీటిలో పల్చగా మెకోనియం. 04:38కి పాప పుట్టింది. 04:46కి మాయ పడింది.

సమస్య 1: రెండో దశ మరీ చిన్నగా కనిపిస్తోంది

సమ్మరీలో "రెండో దశ 28 నిమిషాలు" అని ఉంటుంది. నర్సింగ్ నోట్ చదివితే ప్రసవానికి దాదాపు గంట ముందు నుంచే ఆమెకు ముక్కాలనిపిస్తోంది.

కారణం: 04:10 అనేది పీవీ చేసిన టైము. గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్న టైము ఎవరికీ తెలియదు. 02:00కి 7 ఉంది, 04:10కి 10 ఉంది, మధ్యలో ఎప్పుడో పూర్తయింది. మామూలుగా పీవీ నాలుగు గంటలకోసారే చేస్తారు కాబట్టి ఈ ఖాళీ దాదాపు ప్రతి కేసులోనూ ఉంటుంది. రాసేవాళ్లు "గుర్తించిన టైము"ను "జరిగిన టైము"గా మార్చేస్తారు.

పరిష్కారం: అంకె ఉంచండి, అది ఎక్కడిదో పక్కనే చెప్పండి. "04:10 పీవీలో ఫుల్ డైలటేషన్ గుర్తించారు. ముక్కాలనిపించడం 03:40 నుంచి. గుర్తించినప్పటి నుంచి ప్రసవం వరకు 28 నిమిషాలు." రెండో దశ 58 నిమిషాలని మాత్రం రాయకండి. పూర్తిగా తెరుచుకోకముందే ముక్కాలనిపించే ఆడవాళ్లు చాలామంది ఉంటారు. రెండు టైములూ ఇస్తే చాలు, చదివే డాక్టరు అర్థం చేసుకుంటారు. పాపకు తర్వాత ఏదైనా ఇబ్బంది వస్తే మొదట వెతికేది ఈ వాక్యాన్నే.

మొదటి దశకూ ఇదే పద్ధతి. "నొప్పులు సాయంత్రం 6 నుంచి" అనేది ఆమె చెప్పిన మాట, "22:00కి 4 సెం.మీ." మనం చూసిన విషయం. రెండింటినీ ఒకే లెక్కలో కలపకూడదు. అడ్మిషన్ టైము నుంచి మొదటి దశ లెక్కపెట్టడం అసలే తప్పు, ఎందుకంటే 21:40కి జరిగింది ఆమె గేటు దాటి రావడం మాత్రమే.

సమస్య 2: పార్టోగ్రాఫ్ గంటలకూ గోడ గడియారానికీ పొంతన లేదు

కొన్ని సమ్మరీల్లో యాక్టివ్ ఫేజ్ రెండు గంటలు ఎక్కువగా కనిపిస్తుంది. కారణం షీటు కింద వరసలో అచ్చయిన 1, 2, 3 అంకెలు. 4 సెం.మీ. నుంచి మొదలయ్యే పార్టోగ్రాఫ్‌లో మొదటి గుర్తును అలర్ట్ లైన్ మీదే పెడతారు. 6 సెం.మీ.తో వచ్చిన మనిషి గుర్తు రెండో గంట గడి దగ్గర పడుతుంది. అంతమాత్రాన ఆమెను రెండు గంటలు చూసినట్టు కాదు. అచ్చు అంకెలను వదిలేసి, వాటి కింద చేత్తో రాసిన అసలు టైమునే తీసుకోండి. ఆ టైము రాయకపోతే నర్సింగ్ నోట్‌లోని పీవీ టైముతో సరిచూడండి.

అర్ధరాత్రి దాటిన కేసుల్లో తేదీ కూడా తప్పుతుంది. 24 గంటల పద్ధతిలో రాసి, తేదీ మారిన చోట తేదీ వేయండి.

సమస్య 3: "అంతా నార్మల్" అని ఉంది, గ్రాఫ్ అలా చెప్పడం లేదు

22:00కి 4 ఉంటే, గంటకు ఒక సెం.మీ. చొప్పున 02:00కి అలర్ట్ లైన్ 8 దగ్గర ఉంటుంది. ఈమెది 7. అంటే గుర్తు అలర్ట్ లైన్ దాటి కుడివైపు పడింది. నాలుగు గంటల దూరంలో ఉండే యాక్షన్ లైన్‌కు చేరలేదు, తర్వాత వేగం అందుకుంది. కాన్పు మామూలుగానే అయింది కాబట్టి రాసేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు. అలా వదలకూడదు, ఒక్క వాక్యం చాలు: "02:00కి 7 సెం.మీ., అలర్ట్ లైన్ దాటింది, డ్యూటీ డాక్టర్‌కు తెలియజేశారు." ఆఖరి ముక్క నోట్స్‌లో ఉంటేనే రాయాలి.

ఉమ్మనీరు విషయంలోనూ ఇంతే. మొదట రాసిన "తేట" అన్న మాట సమ్మరీలోకి వచ్చేస్తుంది, 04:10 నాటి మెకోనియం రాదు. పిల్లల డాక్టరుకు కావలసింది ఆఖరిసారి చూసిన రంగు. పార్టోగ్రాఫ్‌లో సీ నుంచి ఎమ్‌కు అక్షరం ఎక్కడ మారిందో చూసి, రెండు టైములూ ఇవ్వండి.

సమస్య 4: "పుట్టగానే ఏడ్చింది", కానీ అప్గార్ ఒకటో నిమిషంలో 7

ఏడు వచ్చిన బిడ్డ పుట్టగానే ఏడ్చి ఉండొచ్చు, ఏడవకపోయీ ఉండొచ్చు. అంకెను బట్టి చెప్పలేం. పాత సమ్మరీ నుంచి ఆ వాక్యం కాపీ అయిందేమో చూడండి. ఈ కేసులో నర్సు "తుడిచి, వీపు రుద్దాక ఏడ్చింది" అని రాసింది. అప్గార్ పక్కన బిడ్డకు ఏం చేశారో తప్పకుండా ఉండాలి. బ్యాగ్ అండ్ మాస్క్ వాడితే ఎంతసేపో కూడా రాయాలి. ఐదో నిమిషం అప్గార్ ఎక్కడా లేకపోతే "నమోదు కాలేదు" అని రాయండి. 9 అని ఊహించి నింపడం ఘోరమైన తప్పు.

పై కేసుకు సమ్మరీ ఇలా వస్తుంది:

> రెండో కాన్పు, 39 వారాలు. నొప్పులు 12వ తేదీ సుమారు 18:00 నుంచి (ఆమె చెప్పింది). అడ్మిషన్ 21:40.
> మొదటి దశ: 22:00కి 4 సెం.మీ.; 02:00కి (13వ తేదీ) 7 సెం.మీ., అలర్ట్ లైన్ దాటింది. 04:10కి ఫుల్ డైలటేషన్ గుర్తించారు. ఉమ్మనీరు 01:30కి పోయింది, తేట. 04:10కి పల్చని మెకోనియం.
> రెండో దశ: ముక్కాలనిపించడం 03:40 నుంచి. సాధారణ ప్రసవం 04:38. గుర్తించినప్పటి నుంచి 28 నిమిషాలు.
> మూడో దశ: ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరానికి, 04:39. మాయ 04:46, పూర్తిగా వచ్చింది. రక్తస్రావం సుమారు 250 మి.లీ. కుట్లు అవసరం కాలేదు.
> బిడ్డ: ఆడ, 2,860 గ్రా. తుడిచి, వీపు రుద్దాక ఏడ్చింది. అప్గార్ 7, 9. విటమిన్ కె 1 మి.గ్రా. ఇచ్చారు. తల్లిపాలు 05:20.

సమస్య 5: పుట్టిన టైము మూడు చోట్ల మూడు రకాలు

నోట్‌లో 04:38, డెలివరీ రిజిస్టర్‌లో 04:35, బిడ్డ చేతి ట్యాగ్ మీద 04:40. ఒకరు గోడ గడియారం చూశారు, ఒకరు ఫోన్ చూశారు, ఒకరు తర్వాత గుర్తుచేసుకుని రాశారు. సగటు తీయకండి, ఎక్కువ చోట్ల ఏది ఉందో చూసి అదే వేసేయకండి. కాన్పు చేసినవాళ్లకు ఫోన్ చేసి అడగండి. వాళ్లు చెప్పిన టైమునే సమ్మరీలో రాయండి. తప్పున్న చోట పాత అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది, ఆ రోజు తేదీ, టైము, సంతకం పెట్టాల్సింది ఆ ఎంట్రీ రాసిన మనిషే. వైట్‌నర్ వాడకూడదు, పార్టోగ్రాఫ్‌ను కొత్త షీటు మీద అందంగా ఎక్కించనూ కూడదు. కాన్పు చేసినవాళ్లు డ్యూటీ దిగి వెళ్లిపోయి, ఫోన్‌కు దొరకకపోతే, "పుట్టిన టైము 04:38 (నోట్), రిజిస్టర్ 04:35, ట్యాగ్ 04:40, నిర్ధారించాలి" అని సమ్మరీలోనే రాసి, డిశ్చార్జ్ అయ్యేలోపు తేల్చమని ఇన్‌చార్జ్ సిస్టర్‌కు చెప్పండి.