కేస్ స్టడీ చెప్పాక ‘అది కాపు బాగా కాసిన ఏడాది కదా’ అంటున్నారా?

చిత్తూరు, బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు బాయిలర్ సామగ్రి అమ్మే సంస్థ ఒకటి ఉందనుకోండి. సీజన్‌కు ముందు తిరుపతిలో యజమానులను కూర్చోబెట్టి, పాత కస్టమర్ దగ్గర చేసిన పనిని పావుగంటలో చెప్పాలి. పని ఇది: ఆవిరి వేడినిచ్చి నీరుగా మారాక, ఆ వేడినీరు (కండెన్సేట్ అంటారు) కాలువలోకి పోతుండేది. దాన్ని మళ్ళీ బాయిలర్ నీటి ట్యాంకుకు మళ్ళించారు. దాంతోపాటు పాడైన స్టీమ్ ట్రాపులను, అంటే ఆవిరిని ఆపి ఆ నీటిని మాత్రమే బయటికి వదిలే వాల్వులను మార్చారు. చెప్పాల్సినవి మూడే: ముందు పరిస్థితి ఏమిటి, ఏం చేశారు, ఎంత తేడా వచ్చింది. ఇంత సూటిగా ఉన్నా ఇలాంటి ప్రజెంటేషన్లు ఎక్కడెక్కడ కుంటుపడతాయో, ఎలా సరిచేయాలో కింద ఉంది. అంకెలన్నీ లెక్క చూపించడానికి అనుకున్నవే.

లక్షణం: ఫలితం స్లయిడ్ రాగానే ‘కట్టెల ఖర్చు పెరిగిందే!’ అంటారు

మొదటి సీజన్‌లో ఫ్యాక్టరీ 4,000 టన్నుల గుజ్జు తీసి 744 టన్నుల కట్టెలు కాల్చింది. మార్పు చేశాక వచ్చిన సీజన్‌లో 5,200 టన్నుల గుజ్జుకు 848 టన్నులు కాలాయి. టన్ను కట్టెల ధర కూడా 3,600 రూపాయల నుంచి 4,000కు చేరింది. అంటే బిల్లు దాదాపు 27 లక్షల నుంచి 34 లక్షలైంది. బిల్లుల స్లయిడ్ పెడితే మీరు ఆదా చేశారని ఎవరూ ఒప్పుకోరు. కాపు తగ్గిన ఏడాదైతే ఇదే లెక్క తిరగబడుతుంది: మీరేమీ చేయకపోయినా బిల్లు తగ్గి కనిపిస్తుంది, అప్పుడు వినేవాళ్ళు ‘కాయ రాలేదు కాబట్టి తగ్గింది’ అంటారు. రెండు సందర్భాల్లోనూ తప్పు వాళ్ళది కాదు.

కారణం: మొత్తాన్ని మొత్తంతో పోల్చారు. కాపు, ధర, మీ పని మూడూ ఒకే అంకెలో కలిసిపోయాయి.

పరిష్కారం: ఒకే కొలత ఎంచుకుని మొదటి స్లయిడ్ నుంచి చివరిదాకా దాన్నే పట్టుకోవాలి. ఇక్కడ అది ‘టన్ను గుజ్జుకు ఎన్ని కిలోల కట్టెలు’. కాయ టన్నుకు లెక్క వేయకండి. కాయలో టెంక, తొక్క పోగా వచ్చే గుజ్జు శాతం ఏడాదికేడాది మారుతుంది, ఆవిరి ఎక్కువగా ఖర్చయ్యేది గుజ్జును వేడి చేయడానికి. ఈ కొలతలో ముందు 186 కిలోలు, తర్వాత 163 కిలోలు. రూపాయల్లోకి మార్చేటప్పుడు రెండు సీజన్లకూ ఒకే ధర వాడాలి.

చాలామంది 23 కిలోల తగ్గుదల అని రాసేసి ఇక్కడే ఆగిపోతారు. కానీ ఇందులో ఇంకా రెండు చిల్లులున్నాయి. ఒకటి, బాయిలర్ రోజూ వేడెక్కడానికి, లైను ఖాళీగా ఉన్నప్పుడు ఒత్తిడి నిలబెట్టడానికి కాలే కట్టెలు గుజ్జు ఎంత తీసినా దాదాపు అంతే ఉంటాయి. కాబట్టి కాయ బాగా వచ్చిన సీజన్‌లో టన్ను లెక్క దానంతటదే కొంత తగ్గుతుంది. రెండోది కాన్సంట్రేట్. చక్కెర పాలును చెప్పే బ్రిక్స్ కొలతలో మామూలు తోతాపురి గుజ్జు 14 దగ్గర ఉంటే, కాన్సంట్రేట్‌ను 28 దాకా చిక్కబరుస్తారు. నీటిని ఆవిరి చేసి తీయాలి కాబట్టి దానికి కాలే కట్టెలు చాలా ఎక్కువ. మొదటి సీజన్‌లో కాన్సంట్రేట్ ఎక్కువ రోజులు నడిచి ఉంటే, మీ ఆదాలో కొంత ఉత్తదే.

అందుకని లాగ్ షీట్లు ముందేసుకుని, రెండు సీజన్లలోనూ కాన్సంట్రేట్ నడవని రోజులే ఏరండి. వాటిలోనూ రోజుకు 60 నుంచి 80 టన్నుల గుజ్జు తీసిన రోజులే తీసుకోండి. అలా చూస్తే మన ఉదాహరణలో ముందు 181, తర్వాత 164. ఆదా 17 కిలోలు. స్లయిడ్ మీద పెట్టాల్సింది ఈ 17నే. ‘పోలికకు ఏ రోజులు తీసుకున్నాం, ఎందుకు’ అన్న ఒక వాక్యాన్ని దాని కిందే చిన్న అక్షరాల్లో కాకుండా మామూలు సైజులో రాయండి. అడిగేవాళ్ళు అడిగేది దాని గురించే.

లక్షణం: ‘ఇంత తగ్గడానికి మీ పని ఒక్కటే కారణమా?’ అని ఎవరో లెక్క కట్టి మరీ అడుగుతారు

బాయిలర్ తెలిసినవాళ్ళ దగ్గర ఒక మోటు లెక్క ఉంటుంది: బాయిలర్‌లోకి వెళ్ళే నీటి వేడి ప్రతి 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం సుమారు 1 శాతం మిగులుతుంది. ట్యాంకు నీరు 32 డిగ్రీల నుంచి 68కి చేరిందని మీరే చెప్పారనుకోండి. పెరిగింది 36 డిగ్రీలు, అంటే 6 శాతం. మీరు చూపించిన 17 కిలోలు 181లో 9 శాతం పైచిలుకు. మిగతా 3 శాతం ఎక్కడిది? పాత 23 కిలోలే పెట్టి ఉంటే 12 శాతం దాటేది, దాదాపు సగానికి జవాబుండేది కాదు.

కారణం: చేసిన పనులు కొన్ని, ఫలితం ఒకటే, వాటి మధ్య పంపకం లేదు.

పరిష్కారం: ఫలితాన్ని విడగొట్టి చూపించండి. 17 కిలోల్లో సుమారు 11 నీటి వేడి వల్ల. మిగతా 6 స్టీమ్ ట్రాపుల వల్ల: 42 ట్రాపులు పరీక్షిస్తే 9 తెరుచుకుపోయి పచ్చి ఆవిరిని నేరుగా వదిలేస్తున్నాయి, వాటిని మార్చారు. మొదటిది లెక్కకట్టి తేల్చింది, రెండోది తీసివేతలో మిగిలింది అని కూడా చెప్పేయండి. మిగిలిన దాంట్లోకి ఇతర కారణాలు దూరే వీలుంటుంది, ముఖ్యంగా కట్టెల తడి. పచ్చి కట్టె కొన్న సీజన్‌ను ఎండు కట్టె కొన్న సీజన్‌తో పోలిస్తే ఈ 6 కిలోలకు అర్థమే ఉండదు. రెండు సీజన్లలోనూ తడి కొలిచి ఉంటే ఆ అంకెలు పెట్టండి, లేకపోతే 11 కిలోలకే మాటివ్వండి.

లక్షణం: మొదటి ఐదు నిమిషాల్లోనే ఫోన్లు బయటికి వస్తాయి

ఆరంభ స్థితి అని చెప్పి కస్టమర్ ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారు, ఎన్ని ఎకరాలు, ఏయే దేశాలకు ఎగుమతి అన్నవి చదువుతున్నారు. వింటున్న ప్రతివాడికీ అలాంటి ఫ్యాక్టరీ ఉంది. అదంతా తీసేసి ఒకే స్లయిడ్‌లో మూడు సంగతులు పెట్టండి: 181 అన్న అంకె, దాన్ని ఎలా కొలిచారు, దానివల్ల ఇబ్బంది ఏమిటి. ‘టన్ను గుజ్జుకు 181 కిలోల కట్టెలు, వేబ్రిడ్జి చీటీలు, బాయిలర్ లాగ్ చూసి వేసిన లెక్క, కండెన్సేట్ అంతా కాలువలోకే’ అంటే చాలు.

లక్షణం: ‘ఏం చేశారు’ అన్న భాగం క్యాటలాగ్ చదివినట్టుంటుంది

పంపు మోడల్, ట్యాంకు ఎన్ని లీటర్లు, పైపు మీద ఇన్సులేషన్ మందం. ఇవన్నీ ఉంటాయి, ఏది దేనికోసమో మాత్రం ఉండదు. ప్రతి పనికీ ముందు కారణం, తర్వాత పని, తేదీ, లైను ఎంతసేపు ఆగింది అన్న వరుస పాటించండి. సీజన్ మధ్యలో లైను ఆగడమంటే యార్డులో కాయ మెత్తబడడమే కాబట్టి యజమాని చెవులు రిక్కించేది ఆ చివరి అంకెకే. పైపులు సీజన్‌కు ముందే వేసి, కలపడం మాత్రం రాత్రి కడుగుడు సమయంలో చేశారంటే ఆ మాట తప్పకుండా చెప్పండి.

ఎదురైన చిక్కు ఒకటైనా ఇక్కడ ఉండాలి. కండెన్సేట్ మరీ వేడిగా పంపులోకి వస్తే పంపు లోపలే ఆవిరి బుడగలై, నీరు తోయకుండా గడగడలాడుతుంది. కండెన్సేట్ ట్యాంకును పంపు కంటే తగినంత ఎత్తులో పెడితే ఆ బాధ పోతుంది. మొదట నేల మీద పెట్టి, తర్వాత స్టాండు మీదికి ఎత్తారంటే అదే చెప్పండి. అలాగే, హీట్ ఎక్స్‌చేంజర్‌లో చిల్లు పడితే గుజ్జు కండెన్సేట్‌లో కలిసి బాయిలర్‌లోకి పోతుందన్న భయం యజమానులందరికీ ఉంటుంది. నీటి నాణ్యత చెడగానే కాలువలోకి మళ్ళించే వాల్వు పెట్టారా లేదా అన్నది వాళ్ళు అడగకముందే స్లయిడ్‌లో ఉండాలి.

లక్షణం: ముందటి లెక్కలే లేవు

ఇది తరచుగా జరిగేదే. పని అయ్యాక కేస్ స్టడీ గుర్తొస్తుంది. అప్పుడు అంకె ఊహించకండి. కట్టెల లారీలు ఎక్కిన వేబ్రిడ్జి చీటీలు, సీజన్ మొదట్లో చివర్లో యార్డులో ఉన్న నిల్వ, నింపిన డ్రమ్ముల సంఖ్య ఉంటే సీజన్ సగటు తేలుతుంది. అసెప్టిక్ డ్రమ్ములో సాధారణంగా 215 కిలోల గుజ్జు ఉంటుంది, లేబుల్ చూసి లెక్కించండి.

అవీ దొరక్కపోతే నడుస్తున్న సీజన్‌లోనే పరీక్ష పెట్టొచ్చు. ఐదు రోజులు కండెన్సేట్‌ను కాలువకు వదిలి, తర్వాతి ఐదు రోజులు ట్యాంకుకు మళ్ళించి, రెండు విడతల్లోనూ బాయిలర్‌లో వేసే కట్టెలను తూచాలి. కాయ రకం, షిఫ్టులు ఒకేలా ఉండాలి. ట్రాపులు అప్పటికే మార్చేశారు కాబట్టి ఈ పరీక్షలో ట్రాపుల వాటా కనిపించదు, నీటి వేడి వాటా మాత్రమే తేలుతుంది.

లక్షణం: కస్టమర్ అంకెలు బయటపెట్టొద్దంటాడు

ముందున్న ఖర్చును 100 అనుకుని, తర్వాత 91 అని చూపండి. పేరు తీసేసి, ఊరు, రోజుకు ఎన్ని టన్నులు అన్నవి ఉంచితే దాచినట్టు కాదు. ఈ జిల్లాలో ఆ రెండూ వింటే ఎవరి ఫ్యాక్టరీయో పోల్చేస్తారు. ఏవి చూపించాలో స్లయిడ్లు పంపి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.

లక్షణం: ‘పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకొస్తుంది?’ అనగానే తడబాటు

కారణం: నెలల్లో లెక్క వేసి పెట్టుకున్నారు. గుజ్జు లైను ఏడాదిలో రెండు నెలల పైచిలుకే నడుస్తుంది, కాబట్టి లెక్క సీజన్లలో ఉండాలి. టన్నుకు 17 కిలోల చొప్పున 5,200 టన్నులకు 88 టన్నుల కట్టెలు మిగిలాయి. 4,000 రూపాయల ధరకు మూడున్నర లక్షలు. ఖర్చు ఏడు లక్షలైతే రెండు సీజన్లు. దీని పక్కనే కాపు తగ్గిన ఏడాది లెక్క కూడా పెట్టండి: 3,000 టన్నులే నడిస్తే మిగిలేది 51 టన్నులు, అంటే రెండు లక్షల చిల్లర. అన్నీ అలాంటి ఏడాదులే వస్తే దాదాపు మూడున్నర సీజన్లు పడుతుంది.