మొదటి మారథాన్‌కి వెళ్తున్నారా? దాహం లేకుండా నీళ్లు తాగకండి

గత వారం మా రన్నింగ్ గ్రూపులో ఒకామె మారథాన్ పూర్తి చేసి, ఇంటికి వెళ్లిన రెండు గంటలకు ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో చేరింది. నీరసంగా ఉందని ఇంట్లో వాళ్లు అప్పటిదాకా నీళ్లు తాగిస్తూనే ఉన్నారట. రక్తంలో సోడియం బాగా పడిపోయిందని డాక్టర్లు చెప్పారు. ఇప్పుడు కోలుకుంటోంది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆమెకు రెండు నెలల ముందు, నా మొదటి మారథాన్‌లో నేను చేసిందీ అదే తప్పు.

బూట్లు, నిద్ర, ముందు రోజు భోజనం గురించి అందరూ చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. దాహం లేకుండా నీళ్లు తాగకండి.

నా సంగతి చెబుతాను. ఆ రోజు పొద్దున చల్లగా ఉంది. డీహైడ్రేషన్ అంటే నాకు విపరీతమైన భయం. అందుకే స్టార్ట్‌కి ముందే అర లీటరు తాగాను. దారిలో రెండున్నర కిలోమీటర్లకొక వాటర్ పాయింట్ ఉంది. ఒక్కటీ వదల్లేదు, ప్రతిచోటా 200 మిల్లీలీటర్ల గ్లాసు ఖాళీ చేశాను. 12వ కిలోమీటర్ దగ్గర, మళ్లీ 24 దగ్గర అక్క అర లీటరు బాటిల్ పట్టుకుని నిలబడి ఉంది. "తాగు, తాగు, ఎండ ఎక్కుతుంది" అంది. రెండూ తాగేశాను. మధ్యలో ఒక్కసారి కూడా దాహం వేయలేదు.

28 దాటాక కడుపులో నీళ్లు కదిలిన చప్పుడు నాకే వినబడింది. 30 దగ్గర వాచీ పట్టీ మణికట్టుని కోస్తున్నట్టు అనిపించి ఒక రంధ్రం వదులు చేశాను. ఉంగరం తిప్పబోతే కదల్లేదు. వేళ్లు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. తల బరువెక్కింది, వికారం మొదలైంది. నీళ్లు చాలలేదనుకుని ఇంకో గ్లాసు తాగాను. 33 దగ్గర మెడికల్ టెంట్‌లో ఆగకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

అక్కడి నర్సు అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, మూత్రానికి ఎప్పుడు వెళ్లారు?" స్టార్ట్‌కి ముందు వెళ్లానంతే. రెండో పని, నన్ను తూకం మీద నిలబెట్టింది. బిబ్ వెనక వివరాల దగ్గర బరువు కూడా రాయమని ముందు రోజు అక్క పట్టుబట్టింది కాబట్టి, అదే బట్టలు, అదే బూట్లతో ఇంట్లో తూచి 62 కిలోలని రాసుకున్నాను. ఇక్కడ 63.5 చూపించింది. నాలుగున్నర గంటలు చెమటోడ్చి పరుగెత్తిన మనిషి బరువు తగ్గాలి. నాది కిలోన్నర పెరిగింది.

లెక్క చూడండి. స్టార్ట్ దగ్గర అర లీటరు, 13 పాయింట్లలో 2.6 లీటర్లు, అక్క ఇచ్చిన బాటిళ్లు ఒక లీటరు. మొత్తం నాలుగు లీటర్ల పైనే. రేసు అయ్యాక అదే వేగంతో, అలాంటి చల్లని పొద్దునే రెండు గంటలు పరుగెత్తి చూశాను. ముందు 62, తర్వాత 61.6, మధ్యలో తాగింది అర లీటరు. అంటే పోయిన చెమట 900 మిల్లీలీటర్లు, గంటకి 450. ఆ లెక్కన రేసులో నాలుగున్నర గంటలకి పోయింది రెండు లీటర్లే. తాగింది దానికి రెట్టింపు. ఈ కొలత రేసుకి ముందే తీసుకుని ఉండాల్సింది.

మరి ఎక్కువైన నీళ్లు మూత్రంగా పోవాలి కదా అనుకుంటాం. ఎక్కువసేపు శ్రమపడుతున్నప్పుడు నీటిని పట్టి ఉంచే హార్మోన్ పెరుగుతుంది, దాంతో కిడ్నీలు నీటిని బయటికి వదలవు. లోపల చేరిన నీళ్లు రక్తంలోని సోడియంని పలుచన చేస్తాయి. మామూలుగా అది లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉంటుంది. బాగా పడిపోతే మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. దానికి అన్నిటికన్నా గట్టి గుర్తు రేసులో బరువు పెరగడం. నాలుగు గంటలు దాటి పరుగెత్తినవాళ్లలో ఇది ఎక్కువ కనిపించింది. అంటే మనలాంటి కొత్తవాళ్లలోనే. నెమ్మదిగా వెళ్తాం, చెమట తక్కువ పడుతుంది, తాగడానికి బోలెడు టైం ఉంటుంది.

స్పోర్ట్స్ డ్రింక్ తాగితే సరిపోతుందని నేనూ నమ్మాను. అందులో సోడియం రక్తంలో కన్నా చాలా తక్కువ. మితిమీరి తాగితే అదీ పలుచనే చేస్తుంది. ఉప్పు మాత్ర వేసుకుని నీళ్లు ఎక్కువ తాగినా అంతే.

నర్సు నాకు నీళ్లు ఆపేసి కూర్చోబెట్టింది. దాదాపు గంట పట్టింది మూత్రం రావడానికి. వచ్చాక తల తేలికైంది. పక్కన ఒక మనిషి ఉంటేనే, నడిచి మాత్రమే వెళ్లమని డాక్టరు ఒప్పుకున్నారు. బావ ఆఫీసు బూట్లతోనే చివరి 9 కిలోమీటర్లు నాతో నడిచాడు. ఐదు నిమిషాలకొకసారి నా పేరు, తేదీ అడుగుతూ, నేను తడబడతానేమోనని చూస్తూ. చివరి వంద మీటర్లు ఏడుస్తూ నడిచాను. ఆ నర్సుకి, అక్కకి, బావకి నేను రుణపడి ఉన్నాను. అయినా ఆ రోజు 33 దగ్గరే ఆగిపోయి ఉండాల్సిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఇక మీరు చేయాల్సినవి.

రేసుకి ముందు లాంగ్ రన్‌లో మీ చెమట కొలవండి. ఎండ రోజు ఒకసారి, చల్లని రోజు ఒకసారి, ఎందుకంటే రెండూ ఒకటి కావు.

బరువు బిబ్ వెనక రాసుకోండి.

రేసులో దాహం వేస్తేనే తాగండి. దాహం వేస్తే మాత్రం ఓర్చుకోకండి, అది కూడా ప్రమాదమే. పాయింట్ కనబడిందని తాగకండి. పక్కవాళ్లు తాగుతున్నారని తాగకండి. గ్లాసు చేతికొచ్చినా పూర్తి చేయాలని లేదు, ఒక గుక్క తాగి పారబోయండి.

నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తకండి. ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీల మీద భారం వేస్తాయి, నీరు నిలిచేలా చేస్తాయి.

ఉంగరం ఇంట్లో పెట్టి వెళ్లండి.

కడుపు ఉబ్బి, వేళ్లు వాచి, వికారంగా ఉంటే నీళ్లు ఆపి టెంట్‌కి వెళ్లండి. మాట తడబడినా, తల తీవ్రంగా నొప్పి పుట్టినా నడవకండి, టెంట్‌లో ఉన్న డాక్టర్లనే మీ దగ్గరికి పిలిపించుకోండి. అది వడదెబ్బ కావచ్చు, సోడియం కావచ్చు. తేల్చాల్సింది వాళ్లు, మీరు కాదు.

"ఎన్ని నీళ్లు తాగాను, బరువెంత పెరిగింది" ఈ రెండూ వాళ్లకి చెప్పండి. అడగకపోయినా చెప్పండి. డీహైడ్రేషన్ అనుకుని మామూలు సెలైన్ ఎక్కిస్తే మరింత ముదరొచ్చు.

ఫినిష్ అయ్యాక కూడా దాహం లేకుండా తాగకండి. లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా వస్తాయి. ఆ రాత్రి ఒంటరిగా ఉండొద్దు. వాంతులు, తలనొప్పి, అయోమయం ఉంటే పడుకోబెట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సపోర్ట్ చేయడానికి వచ్చేవాళ్లకి కూడా చెబుతున్నాను. మీరు ప్రేమతోనే ఇస్తారు, మా అక్కా ప్రేమతోనే ఇచ్చింది. బాటిల్ చేతిలో పెట్టేముందు "దాహంగా ఉందా?" అని అడగండి. లేదని చెబితే మూత తీయకండి.