పేమెంట్ ఆగిందన్న మెసేజ్‌ని ఎలా మార్చానంటే

నేను శ్రీకాకుళంలో ఇంటి నుంచే ఒక ఆన్‌లైన్ మార్కెట్‌కి సెల్లర్ సపోర్ట్ చేస్తాను. పలాస నుంచి జీడిపప్పు అమ్మే ఒకావిడకి "వెరిఫికేషన్ పెండింగ్, పేఔట్ హోల్డ్‌లో ఉంది, కేవైసీ పత్రాలు పంపండి" అని పెట్టాను. ఆవిడ ఆధార్ ఫొటోనే మూడుసార్లు పంపారు. తర్వాత ఫోన్ చేసి, "నా డబ్బులు పోయినట్టేనా బాబూ?" అన్నారు. ఆ మాటకి చాలా బాధేసింది.

అసలు చిక్కు పేరులో ఉంది. పాన్ ఆవిడ పేరు మీద, కరెంట్ అకౌంట్ షాపు పేరు మీద ఉన్నాయి. రెండింటినీ కలిపే కాగితం జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అందులో యజమాని పేరు, షాపు పేరు రెండూ ఉంటాయి. ఆధార్‌తో ఈ పని అవ్వదు.

మళ్లీ ఇలా రాశాను:

"అమ్మా, మీ రూ.18,400 భద్రంగా ఉన్నాయి. ఆర్డర్లు మామూలుగానే వస్తాయి. పాన్‌లో మీ పేరు, బ్యాంకులో షాపు పేరు ఉండటంతో డబ్బు ఆగింది. జీఎస్టీ సర్టిఫికెట్, షాపు పేరు అచ్చయిన క్యాన్సిల్డ్ చెక్కు కావాలి. చెక్కు మీద పేరు లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్ మొదటి పేజీ చాలు. నాలుగు మూలలూ కనపడేలా ఫొటో తీసి, మీ సెల్లర్ అకౌంట్‌లోనే అప్‌లోడ్ చేయండి. ఓటీపీ, పిన్ మేం అడగం."

"రెండు రోజుల్లో పడుతుంది" అని కూడా రాసి, తీసేశాను. అది నా చేతిలో లేదు.

ఆ సాయంత్రమే కాగితాలు వచ్చాయి. పాత చెక్కు మీద పేరు లేదట, స్టేట్‌మెంట్ పెట్టారు.