ఫోన్‌లో కొత్త బ్యాటరీ వేశాక ఛార్జ్ పర్సంటేజీ గెంతుతోందా? ఫోన్ చూపే ఛార్జ్ లెక్కను సరిచేసే కాలిబ్రేషన్‌కు ముందు ఇవి చూడండి

☐ వెనక మూత కొంచెమైనా పైకి లేచిందా? లేస్తే బ్యాటరీ ఉబ్బుతూ ఉండొచ్చు. ఛార్జింగ్ పెట్టకండి, తీయించేయండి.

☐ ముఖ్యమైన డేటా బ్యాకప్ తీసుకోండి.

☐ బ్యాటరీ అసలైనదో కాదో తేల్చుకోండి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఫోన్ దానంతటదే ఆగిపోయేదాకా వాడి, స్విచాఫ్‌లోనే ఉంచి, ఎన్ని వాట్ అవర్లు ఎక్కాయో చూపే యూఎస్‌బీ మీటర్ పెట్టి 100 శాతం దాకా ఎక్కించండి. లేబుల్ మీద 5000 ఎంఏహెచ్, 3.85 వోల్టులు అని ఉంటే అది సుమారు 19 వాట్ అవర్లు. ఛార్జింగ్‌లో కొంత వేడిగా పోతుంది కాబట్టి మీటర్ ఇంకాస్త ఎక్కువే చూపాలి. 12 దగ్గరే ఆగితే ఆ లేబుల్ అబద్ధం. అప్పుడు కాలిబ్రేషన్‌తో లాభం లేదు, బ్యాటరీ మార్చాల్సిందే.

☐ లెక్క సరిపోయిందా? ఫోన్ ఇంకా పాత బ్యాటరీ లెక్కలే పట్టుకుని ఉండొచ్చు. పైన చేసిన ఆ ఒక్క రౌండే కాలిబ్రేషన్ కూడా. పదేపదే సున్నాకు దించకండి, బ్యాటరీ దెబ్బతింటుంది.