ఇన్సిడెంట్ రిపోర్ట్ మొదటి పేరా ఇలా మార్చాక పైవాళ్ల ఫోన్లు ఆగాయి

పేమెంట్ సర్వీస్ ఆగిపోయినప్పటి రిపోర్ట్ 12 పేజీలు, టైమ్‌లైన్‌తోనే మొదలయ్యేది, పైవాళ్లేమో చదవకుండానే "ఇంతకీ కస్టమర్లకి ఏమైంది, ఇప్పుడు బాగుందా?" అని ఫోన్లు. అందుకే వాళ్లడిగే వరసలోనే పేరా రాశా:

"మంగళవారం ఉదయం 10:05 నుంచి 10:50 వరకు కార్డు పేమెంట్లు ఫెయిలయ్యాయి. ఎవరికీ డబ్బు రెండుసార్లు కట్ అవ్వలేదు. సర్టిఫికెట్ గడువు అయిపోవడమే కారణం, కొత్తది పెట్టాక అంతా మామూలైంది. గడువు దగ్గరపడితే చెప్పే అలర్ట్ ఇంకా లేదు, అది పెట్టడానికి శుక్రవారం రిలీజ్ వాయిదాకి మీ ఓకే కావాలి."

సర్వర్ పేర్లు, ఎర్రర్ కోడ్లు అన్నీ కిందకి పంపేశా. కారణం ఇంకా తేలకపోతే మాత్రం "అనుమానిస్తున్నాం" అనే రాయండి, ఎందుకంటే పైవాళ్లు మీరు రాసిన కారణాన్నే పట్టుకుని ఇంకో పదిమందికి చెప్పేస్తారు. నేనైతే మిగతా రిపోర్ట్ అంతా అయ్యాకే ఈ పేరా రాసి, టైములన్నీ టైమ్‌లైన్‌తో సరిచూస్తా.